ఎడమకు తిరిగిన బాణాలు

ఆత్మారాం అనే మనిషి నిజామాబాదులో ఉన్నాడని చాలామందికి తెలియదు. బాణం సారు అంటే మాత్రం స్టేషన్ దగ్గర టాంగావాడు కూడా ఇల్లు చూపించేవాడు. ఆ పేరు ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు, పిల్లలు అంటగట్టింది. మొదట్లో మొహం మాడ్చుకునేవాడు. తర్వాత ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే లోపల్లోపల సంబరపడడం మొదలుపెట్టాడు గానీ, ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు.

ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. ఆ కాలంలో చదువంతా ఉర్దూలో. పుస్తకంలో వాక్యం కుడి నుంచి ఎడమకు నడిచేది. మధ్యలో రసాయన సమీకరణం వచ్చిందంటే అది ఎడమ నుంచి కుడికి నడిచేది. పాపం పిల్లల కళ్ళు ఒక్క పంక్తిలోనే పోయి మళ్ళీ తిరిగి రావాలి. దానికి తోడు సమీకరణం మధ్యలో రెండు అడ్డగీతలు, అంటే సమానం గుర్తు. ఆ గీతలు ఇటూ అటూ సరిసమానం అని చెబుతాయే గానీ, ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పవు. అందుకని ఆత్మారాం ఆ గీతల మీద సుద్దముక్కతో ఒక బాణం గీసేవాడు. బాణం గీయకుండా ఎవడైనా అంకెల జోలికి పోయాడో, వాడి చెవి ఆయన చేతిలోకి వచ్చేది.

"ముందుగాల బాణం. పోయేటోడు ఎవడు, వచ్చేటోడు ఎవడు? గది తేలినంకనే లెక్క," అనేవాడు.

చర్యల రకాలకు పుస్తకంలో నోరు తిరగని అరబ్బీ పేర్లు ఉండేవి. ఆయన వాటిని పరీక్ష కోసం బట్టీ పట్టించి, అర్థం కావడానికి మాత్రం ఇంటి మాటలే చెప్పేవాడు. రెండు కలిసి ఒకటయితే కలుసుడు. ఒకటి రెండుగా చీలితే విడిపోవుడు. ఒకడు వచ్చి ఇంకొకణ్ణి లేపి వాడి పీట మీద కూచుంటే నెట్టుడు. రెండు జంటలు జోడీలు మార్చుకుంటే మార్పిడి. ఈ నాలుగు మాటలతో ఆయన పిల్లలు ఎంత చిక్కు కాగితాన్నయినా విప్పేవాళ్ళు.

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన బోర్డు చూసి, పుస్తకంలో లేని గుర్తు ఇక్కడెందుకుంది అని గద్దించాడు. ఆత్మారాం వినయంగా తుడిచేశాడు. పెద్దాయన టాంగా మలుపు తిరగగానే మళ్ళీ గీశాడు.

ఆయన పిల్లల్లో తుకారాం ఒకడు. మెట్రిక్ పాసై రెండేళ్ళు కావస్తోంది. తండ్రి లేడు. తల్లి అంజవ్వ బీడీలు చుట్టి వాణ్ణి చదివించింది. చదువయ్యాక పని దొరక్క, వాడు కూడా తల్లి పక్కనే కూచుని ఆకు కత్తిరిస్తున్నాడు. ఒకనాడు దారిలో కనబడితే అంజవ్వ ఆత్మారాంతో అన్నది: "వాడు చేసే పనికి నాకు నామోషీ లేదు సారు. గీ పనే నాకు బువ్వ పెట్టింది. గని గింత చదివి నా పక్కన ఆకు కత్తిరిస్తుంటే, వాని మొకం చూడబుద్ధైతలేదు."

ఆత్మారాం ఆ మాటను గుండెలో పెట్టుకున్నాడు. బోధన్‌లో కొత్తగా చక్కెర ఫ్యాక్టరీ నడవడం మొదలయింది. రెండో ఏటి చెరకు ఆడుతున్న రోజుల్లో అక్కడి ప్రయోగశాలకు సహాయకులు కావాలని తెలిసింది. అప్పటిదాకా ఆ గదిలో పనిచేసేవాళ్ళంతా బయటి ఊళ్ళవాళ్ళే. ఈసారి మాత్రం ఉన్న రెండు జాగాలకూ ఇక్కడి మెట్రిక్ పిల్లలకు పరీక్ష పెడతారట. ఆ మాట చెవిన పడిన రోజే ఆత్మారాం తుకారాం ఇంటికి పోయి, వాడి చేతిలోంచి కత్తెర తీసి పక్కన పెట్టాడు.

పరీక్షనాడు పొద్దున్నే ఇద్దరూ బోధన్ రైలెక్కారు. ఏడుగురు అభ్యర్థుల్లో తుకారాంతో పాటు వకీలుగారి కొడుకు రాజారాం కూడా ఉన్నాడు. వాడు బాణాల బడిలో చదవలేదు, హైదరాబాదులో చదివి వచ్చాడు. నల్ల షేర్వాణీ, మెరిసే బూట్లు. ఆత్మారాం వాణ్ణి చూసి, మావాడి తలలో ఉన్నది వీడి బూట్లకు ఎక్కడ వస్తుందిలే అనుకున్నాడు. గురువుకు ఆ మాత్రం పొగరు ఉండవచ్చు.

ఫ్యాక్టరీ గేటు దాటగానే అగ్గిపుల్ల గీసినట్టు ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. ఆఫీసు పక్క షెడ్డులో ఇనుప పొయ్యిలో గంధకం మండుతోంది. ఆ పొగనే గొట్టాల్లోంచి చెరకు రసంలోకి తోలి, సున్నంతో కలిపి రసాన్ని తేటగా చేస్తారు. తుకారాం ఆ పొయ్యి ముందు నిలబడి కదలడే. నీలంగా పాకుతున్న మంటను గుడి ముందు నిలబడ్డట్టు చూస్తున్నాడు. ఆఫీసు మున్షీ మార్కండేయ కిటికీలోంచి తల బయటపెట్టి, అక్కడేం పని, పొమ్మని కసిరాడు. ఆ కసురు తర్వాత ఎక్కడికి దారితీస్తుందో అప్పుడు ఎవరూ ఊహించలేదు.

పరీక్ష పెట్టేది జోగ్లేకర్ సాహెబు. పూనా నుంచి వచ్చిన పెద్ద కెమిస్టు. ఆయన ప్రశ్నలు ఇంగ్లీషులో రాసిస్తే, ఊళ్ళో శిలాముద్రణకు రాసిచ్చే కాతిబు, అంటే రాతగాడు, వాటిని అందమైన ఉర్దూ దస్తూరీలో దించి అచ్చు వేయించాడు. ఒక్కొక్కరికీ ఒక కాగితం. అందులో రకరకాల సమీకరణాలు కలగాపులగంగా ఉంటాయి. ముందు అంకెలు వేసి రెండు పక్కలా పరమాణువుల లెక్క సరిచేయాలి. తర్వాత అంచున ఉన్న గడిలో ఆ చర్య ఏ రకమో రాయాలి. గడులున్న అంచును కత్తిరించి మున్షీకి ఇస్తారు. ఆయన దాన్ని సాహెబు ఇచ్చిన జవాబులతో సరిపోల్చి మార్కులు వేస్తాడు. అందులో గట్టెక్కినవాళ్ళ అంకెలను మాత్రమే సాహెబు స్వయంగా చూస్తాడు.

ఆత్మారాం వరండాలో బల్ల మీద కూచున్నాడు. లోపల కలాలు గీస్తున్న చప్పుడు వినబడుతుంటే ఆయన వేళ్ళు ఊరికే గాలిలో బాణాలు గీస్తున్నాయి.

అందరికంటే ముందు రాజారాం బయటికి వచ్చాడు. "చాలా సులువు సారూ. పొటాషియం క్లోరైడు, ఆక్సిజను కలిసి క్లోరేటు అయ్యేది ఒకటి ఇచ్చిండు. కలయికే గద," అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళూ అవే జవాబులు చెప్పుకుంటూ ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. తుకారాం అందరికంటే చివర వచ్చాడు.

"గది విడిపోవుడని రాసిన," అన్నాడు వాడు మెల్లగా.

ఆరుగురూ వాడి వంక చూశారు. ఇంకోటి అడిగారు. అదీ వాళ్ళు రాసినదానికి తలకిందులే. రాజారాం నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆత్మారాం తుకారాంను పక్కకు లాగాడు.

"ఏం రాసొచ్చినవ్ రా?"

"సారు, కాగితమే తిరగబడి ఉన్నది. నేను బాణాలన్ని ఎడమకు గీసిన."

ఆత్మారాంకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఎడమకు బాణాలా? ఆరుగురు ఒక మాట అంటున్నారు, వీడొక్కడు ఇంకో మాట అంటున్నాడు. కాగితాలన్నీ లోపలికి పోయాయి కాబట్టి చూడడానికీ లేదు. ఒకవేళ తాను నేర్పిన బాణమే వాణ్ణి దారి తప్పించిందేమో. అంజవ్వ ముఖం కళ్ళ ముందు మెదిలింది.

కాసేపటికి మార్కండేయ తలుపు దగ్గరికి వచ్చి, "తుకారాం ఎవరు? లోపలికి రా. వాణ్ణి తెచ్చిన పంతులు గూడ రావాలె," అన్నాడు. గొంతులో పోలీసు జవాను కరుకుదనం ఉంది. వకీలు కొడుకు చెవులు రిక్కించాడు.

జోగ్లేకర్ సాహెబు బల్ల మీద కాగితపు అంచులు పరిచి ఉన్నాయి. బక్కపలచని మనిషి, వేళ్ళకు మందుల మచ్చలు. ఆయన మరాఠీలో మాట్లాడాడు. సరిహద్దు పక్కన పుట్టినవాళ్ళు గనక వీళ్ళిద్దరికీ అది ఇంటి భాషలాంటిదే.

"మాస్టర్‌గారూ, ఆరుగురు ఒకే తీరుగా తప్పు రాశారు. ఎక్కడ కలయిక ఉందో అక్కడ వియోగం అని, ఎక్కడ వియోగం ఉందో అక్కడ కలయిక అని. ఈ ప్రాంతంలో చదువు ఇంతే అనుకున్నాను. కానీ మీవాడి గడుల్లో ఒక్క తప్పు లేదు. నా జవాబులను దించినట్టుంది."

"దించిందే సాహెబ్," అన్నాడు మార్కండేయ. "పొద్దుగాల ఆఫీసు కిటికీ కాడ తచ్చాడుతుంటే నేనే ఎల్లగొట్టిన. జవాబుల కాగితం గా బల్ల మీదనే ఉండె."

కిటికీ బయట బూట్ల చప్పుడు అయి, పరుగులాంటి నడకగా దూరమైంది. రాజారాంకు కావలసినంత దొరికింది. మధ్యాహ్నం రైలుకు వాళ్ళంతా వెళ్ళిపోతారు, ఆ మాట వాళ్ళకంటే ముందు నిజామాబాదు చేరుతుంది.

జోగ్లేకర్ ఆత్మారాంను చూశాడు. "మీరు వీడికి పూచీ పడతారా? వీడు దొంగ అని తేలితే మీ బడి పిల్లలెవరినీ ఇకముందు ఈ గేటు లోపలికి రానివ్వను. ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించడానికి ఆత్మారాం దగ్గర ఏమీ లేదు. కాగితం తాను చూడలేదు. వీడు ఏం రాశాడో, ఎందుకు రాశాడో తెలియదు. తెలిసింది ఒక్కటే. ఇన్నేళ్ళలో తుకారాం పక్కవాడి పలక వైపు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు.

"పూచీ పడుతున్న," అన్నాడు.

ఆ మాట వినగానే తుకారాం వెన్ను నిటారైంది. "సాహెబ్, నేను రాసిన కాగితం ఒక్కసారి తెప్పిస్తరా?" అని అడిగాడు.

కాగితం వచ్చింది. అందులో సమానం గుర్తులన్నిటి మీదా తుకారాం గీసిన బాణాలున్నాయి, అన్నీ ఎడమకే తిరిగి ఉన్నాయి. జోగ్లేకర్ చూసి కనుబొమలు ఎగరేశాడు. తుకారాం బోర్డు దగ్గరికి పోయి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు దించాడు.

O₂ + KCl = KClO₃

"ముందు అంకెలు వేసిన. మూడు ఆక్సిజన్లు, రెండు క్లోరైడ్లు, రెండు క్లోరేట్లు. ఎటు నుంచి లెక్కబెట్టినా పొటాషియం రెండు, క్లోరిన్ రెండు, ఆక్సిజన్ ఆరు. లెక్కకు దిక్కుతో పని లేదు సాహెబ్. రకానికే దిక్కు కావాలె. ఎడమ నుంచి చదివితే ఇది కలుసుడు. గని క్లోరైడు మీదికి ఆక్సిజన్ ఊదితే క్లోరేటు కాదు. క్లోరేటును కాగబెడితేనే ఆక్సిజన్ వస్తది. మా బడిల చేసి చూసినం."

"ఒక్కటి చూసి కాగితమంతా తిప్పేశావా?"

"లేదు సాహెబ్. అచ్చుతప్పు ఒక్క దాంట్లనే ఉన్నదేమో అనుకున్న. గంధకం లెక్క చూసిన." వాడు దాని కిందనే రాశాడు.

SO₂ = O₂ + S

"ఇది ఎడమ నుంచి చదివితే విడిపోవుడు. గంధకం పొగ దానంతట అది చీలి మళ్ళ గంధకం అయితదా? పొద్దుగాల మీ షెడ్డు కాడ పొయ్యిని గట్లనే చూసుకుంట నిలబడ్డ. గంధకం మండి పొగ అయితున్నది. అది కలుసుడు. మున్షీ సాబ్ నన్ను ఎల్లగొట్టింది గక్కడినుంచే."

మార్కండేయ గొంతు సవరించుకున్నాడు.

"జింకు లెక్క గూడ గంతే. హైడ్రోజన్ పోయి జింకును బయటికి నెట్టినట్టున్నది. హైడ్రోజన్‌కు అంత బలం లేదు. జింకే యాసిడ్ల నుంచి హైడ్రోజన్‌ను నెడతది. మూడు లెక్కలు ఒకటే మాట చెప్పినయ్. అప్పుడు సమజైంది, ఉర్దూ ఎట్ల రాస్తరో గట్లనే మొదటిదాన్ని కుడికి పెట్టి రాసిండ్రని. గందుకే బాణాలన్ని ఎడమకు తిప్పిన."

జోగ్లేకర్ సొరుగులోంచి తన ఇంగ్లీషు ప్రతి తీసి అచ్చు కాగితం పక్కన పెట్టాడు. తన ప్రతిలో క్లోరేటు ఎడమన ఉంది. అచ్చులో కుడిన ఉంది. ఒక్కొక్క పంక్తీ వేలితో చూసుకుంటూ వచ్చాడు. కాతిబు మీద కోపం తెచ్చుకుందామన్నా వీల్లేదు. జన్మంతా ఉర్దూ రాసిన చేయి, మొదట రావలసినదాన్ని కుడి చివర పెట్టింది. ఫార్ములాలు ఆయనకు పూలతీగలాంటి బొమ్మలు, ఒక్క అక్షరం పోకుండా దించాడు. పాపం, నడక మాత్రం తన భాషది పెట్టాడు.

సాహెబు అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. వేలు ఒక పంక్తి మీద ఆపాడు. అక్కడ CO₂ + CaO = CaCO₃ అని ఉంది.

"ఈ ఒక్కటే ఇచ్చి ఉంటే? దిక్కు ఎట్లా చెప్పేవాడివి?"

అది చిక్కు ప్రశ్న. తెలిసినట్టు నటించేవాడు అక్కడ బోర్లా పడతాడు.

తుకారాం కాగితం మీదికి వంగాడు. "చెప్పలేకపోదును సాహెబ్. సున్నపు రాయిని బట్టీల కాల్చితే రాయి విడిపోయి సున్నమైతది. కాల్చిన సున్నం గాలిల ఉంటే ఆ వాయువును పట్టుకొని మళ్ళ రాయి అయితది. రెండు దిక్కులా నడుస్తది. కాగబెట్టిండ్రని ఒక ముక్క రాసి ఉంటే చెప్పొచ్చు, లేదంటే పక్కనున్న లెక్కలను అడగాలె. నేను గట్లనే అడిగిన. మిగిలినయన్ని ఎడమకే పోతున్నయ్ గనక దీన్ని గూడ ఎడమకే పంపిన."

"ఇనుమూ నీటి ఆవిరీ?"

"దానికి ఏ దిక్కయినా నెట్టుడే. ఇటు ఇనుము హైడ్రోజన్‌ను నెడతది, అటు హైడ్రోజన్ ఇనుమును నెడతది. మూడు ఇనుములు, నాలుగు నీళ్ళు అన్న లెక్క గూడ మారదు."

జోగ్లేకర్ కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖం మీది బిగువు సడలింది. "మాస్టర్‌గారూ, ఈ బాణం ఎవరు నేర్పారు? మీ పుస్తకాల్లో లేదే."

"నేనే," అన్నాడు ఆత్మారాం. వినయంగా చెబుదామనుకున్నాడు గానీ గొంతు వినయంగా రాలేదు. రానివ్వనూ లేదు.

"ఒక జాగా ఇతనిది. రెండోదానికి మిగతా ఆరుగురికీ మళ్ళీ పరీక్ష పెడతాను. తిరగబడ్డది నా కాగితం, తప్పు వాళ్ళది కాదు." సాహెబు అచ్చు కాగితాన్ని ఆత్మారాం వైపు జరిపాడు. "కొత్త కాగితంలో సమానం గుర్తులు వద్దు. బాణాలే వేయిద్దాం. మార్కండేయా, బాణం ఎట్లా గీయాలో మాస్టర్‌గారి చేత గీయించి ఆ కాతిబుకు చూపించు."

మార్కండేయ తుకారాం ముందు నిలబడి, "నేను తొందరపడ్డ తమ్ముడూ," అన్నాడు. తుకారాం నమస్కారం పెట్టాడు. ఆత్మారాంకు అప్పుడు కళ్ళు చెమర్చాయి. గంధకం పొగ అని చెప్పి తుడుచుకున్నాడు.

తిరుగు రైల్లో గురుశిష్యులు ఎక్కువ మాట్లాడుకోలేదు. కిటికీ బయట చెరకు తోటలు పోతుంటే ఆత్మారాం మాత్రం ఉండబట్టలేక ఎదురుగా కూచున్న కంది వ్యాపారికి, "గీ పిలగాడు ఫ్యాక్టరీ కెమిస్టు," అని చెప్పాడు. తుకారాం సిగ్గుతో, సహాయకుణ్ణి మాత్రమే అని సరిచేశాడు. "నువ్వు ఊకో," అన్నాడు ఆత్మారాం.

దీపాలు పెట్టే వేళకు వాళ్ళ వాడ చేరారు. రాజారాం మధ్యాహ్నమే చేరి చేయవలసిందంతా చేసి పెట్టాడు. అరుగుల మీద ఆడవాళ్ళు మాటలు ఆపి చూస్తున్నారు. "జవాబులు దొంగిలించి పట్టుబడ్డడట," అన్న గుసగుస ఆత్మారాం చెవిన పడనే పడింది. గుమ్మం ముందు అంజవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన కట్టలు ఒక దాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

ఆత్మారాంకు ఒళ్ళు మండింది. జీవితంలో గొంతు పెంచని మనిషి ఆ రోజు వీధి మధ్యలో నిలబడి పెంచాడు. "అందరు వినుండ్రి. తుకారాంకు నౌకరి దొరికింది. ఫ్యాక్టరీ కాగితం తప్పుంటే ఏడుగురిల వాడొక్కడే పట్టిండు. దొంగ అన్న గదిలనే పెద్ద సాహెబు తప్పు తన కాగితానిదే అన్నడు. ఎవరికన్న అనుమానముంటే రేపు బోధన్ పోయి అడిగి రాండ్రి."

తర్వాత ఎవరో ముసలమ్మ, నేను ముందే అన్న గద అన్నది. ఆమె ముందు అన్నది వేరే మాట, పోనీలెండి.

అంజవ్వ చుడుతున్న బీడీకి దారం కట్టి, కొస మడిచి, కట్టలో పెట్టి, అప్పుడు లేచింది. కొడుకు తల నిమిరి, అరచేతులు తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. ఆత్మారాం దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, పొద్దంతా గీ మాటలు విన్నవు. మస్తు భయపడి ఉంటవు."

అంజవ్వ ఆయన్ను వింతగా చూసింది. "భయమెందుకు సారు? భయపడ్డదాన్నయితే ఇన్ని కట్టలు చుడుదునా? నా కొడుకు చూసి రాయడు. గది నాకు తెలుసు, మీకు తెలుసు. వీళ్ళకు ఇయ్యాల తెలిసింది."

ఆత్మారాంకు వరండాలో కాళ్ళ కింద కదిలిన నేల గుర్తొచ్చింది. పొద్దున్నుంచి తానే గర్వపడుతున్నాననుకున్నాడు. ఈమెది ఒక్క ఘడియ కూడా కదలని గర్వం. అరుగు మీద ఉన్న కత్తెరను తీసి తుకారాం చేతికి ఇవ్వబోయి, ఇక వాడికి దానితో పని లేదని గుర్తొచ్చి, ఆమె చాటలో పెట్టాడు.